ఆసుపత్రిలో ఉన్న రోజులు: సగటు–ఎస్‌డీ రాయాలా, మీడియన్–ఐక్యూఆర్ రాయాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

థీసిస్ గడువు దగ్గరపడే కొద్దీ పీజీ విద్యార్థులు ల్యాప్‌టాప్ పట్టుకుని గణాంకాలు చూసేవాళ్ల గది ముందు వరుస కడతారు. ఆ వరుసలో ఎక్కువగా వినిపించే ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ ఉన్నాయి. ఉదాహరణ అంతటా ఒక్కటే: రోగి ఆసుపత్రిలో ఉన్న రోజుల సంఖ్య. వైద్య పరిశోధనలో ఇంత మొండిగా ఒక పక్కకు సాగే కొలత మరొకటి అరుదు. కింది 15 మంది రోగులు నిజమైనవాళ్లు కారు, వివరించడం కోసం నేను అల్లిన అంకెలు. వీటిని కాగితం మీద వేసుకుని నాతో పాటు లెక్క కడితే విషయం త్వరగా పట్టుబడుతుంది.

```
2  2  3  3  3  4  4  4  5  5  6  7  9  14  34
```

సగటు 7.0, ఎస్‌డీ 8.1 వచ్చాయి. సగటు కంటే ఎస్‌డీ ఎక్కువ రావచ్చా? లెక్క తప్పిందా?

లెక్క తప్పలేదు. పై అంకెలన్నీ కూడితే 105, పదిహేనుతో భాగిస్తే సరిగ్గా 7. ప్రామాణిక విచలనం, అంటే మనం రోజూ ఎస్‌డీ అనేది, 8.1. కంప్యూటర్ అడిగిన పని చేసింది. అడిగిన పనే ఈ డేటాకు నప్పలేదు.

"7.0 ± 8.1" అని చదివిన పాఠకుడి మనసులో ఏం జరుగుతుందో చూడండి. అతను అలవాటు కొద్దీ సగటు నుంచి ఒక ఎస్‌డీ తీసేస్తాడు, ఒక ఎస్‌డీ కలుపుతాడు. మైనస్ 1.1 రోజుల నుంచి 15.1 రోజుల దాకా వస్తుంది. మైనస్ ఒక రోజు ఆసుపత్రిలో ఉన్నవాళ్లు ఎవరూ లేరు. ఆ పరిధిలో మూడింట రెండు వంతుల మంది ఉంటారన్న అతని అంచనా కూడా తప్పుతుంది. మన పదిహేను మందిలో పద్నాలుగు మంది అందులోనే ఉన్నారు. గంట ఆకారంలో సమంగా పరుచుకున్న డేటాకు పనికొచ్చే అలవాటు అది. ఇక్కడ అదే అలవాటు దారి తప్పిస్తుంది.

సగటు సంగతీ చూడండి. పదకొండు మంది 7 రోజుల కంటే ముందే ఇంటికి వెళ్లారు. ఒక్కరు సరిగ్గా ఏడు రోజులు ఉన్నారు. ఏడు దాటినవాళ్లు ముగ్గురే. "సగటు రోగి వారం ఉన్నాడు" అంటే వార్డులో పనిచేసే నర్సు ఒప్పుకోదు. ఆమె కళ్ల ముందు నడిచే వార్డు అది కాదు.

మీడియన్, ఐక్యూఆర్ రాస్తే ఇదే డేటా ఎలా కనిపిస్తుంది?

అంకెలు చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసలో ఉన్నాయి. మధ్యలో ఉన్న ఎనిమిదో అంకె 4. పాఠ్యపుస్తకాల్లో మధ్యగతం అని చదువుకున్నది, ఇప్పుడు అందరం మీడియన్ అంటున్నది ఇదే. వరుసలో నాలుగో అంకె 3, అది మొదటి చతుర్థాంశం. పన్నెండో అంకె 7, అది మూడో చతుర్థాంశం. ఈ రెండు చతుర్థాంశాల మధ్య దూరమే ఐక్యూఆర్. కాబట్టి `4 (3–7)` అని రాస్తాం. సగం మందికి పైగా నాలుగు రోజుల్లోపే వెళ్లిపోయారు, నడిమి సగం మంది మూడు నుంచి ఏడు రోజుల మధ్య ఉన్నారు అని పాఠకుడికి వెంటనే అర్థమవుతుంది. మైనస్ రోజులు లేవు.

ఇంకో విషయం గమనించండి. మీడియన్ నుంచి కింది చతుర్థాంశానికి దూరం 1, పై చతుర్థాంశానికి దూరం 3. డేటా పై వైపుకు సాగిందన్న సమాచారం ఆ మూడు అంకెల్లోనే దాగి ఉంది. ± గుర్తు మాత్రం రెండు వైపులా ఒకే దూరం చూపించి ఈ సంగతిని చెరిపేస్తుంది.

అసలు నా డేటా స్క్యూ అయిందో లేదో, అంటే ఒక పక్కకు సాగిందో లేదో, ఎలా తెలుసుకోవాలి?

ముందు బొమ్మ వేయండి. హిస్టోగ్రామ్ అయినా సరే, తక్కువ మంది ఉంటే ఒక్కో రోగికి ఒక్కో చుక్క పెట్టినా సరే. కుడి వైపు పొడవాటి తోక ఉందా, ఎడమ వైపు ఉందా, రెండు గుట్టలుగా విడిపోయిందా అన్నది కంటికి తెలిసిపోతుంది.

మీ చేతిలో డేటా లేదు, ఇంకొకరి పేపర్లోని అంకెలు మాత్రమే ఉన్నాయనుకోండి. అప్పుడు ఒక చిట్కా పనికొస్తుంది. డగ్లస్ ఆల్ట్‌మన్, మార్టిన్ బ్లాండ్ 1996లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన చిన్న నోట్‌లో ఇది ఉంది. సున్నా కంటే తగ్గే వీలులేని కొలతలో సగటు, ఎస్‌డీకి రెండింతల కంటే తక్కువ ఉంటే, ఆ డేటా బహుశా స్క్యూ అయి ఉంటుంది. కారణం సులభం. డేటా గంట ఆకారంలో ఉంటే రెండు ఎస్‌డీల కింద కూడా కొంతమంది ఉండాలి, కానీ అక్కడ సున్నా గోడ అడ్డం ఉంది. మన ఉదాహరణలో ఎస్‌డీకి రెండింతలు 16.2, సగటు 7. అనుమానం అక్కర్లేదు.

ఈ చిట్కా ఒక వైపే పనిచేస్తుందని మరిచిపోవద్దు. సగటు రెండింతలు దాటినంత మాత్రాన డేటా సమంగా ఉందని కాదు. ప్రసవం నాటికి గర్భం నిండిన వారాలు తీసుకోండి. ఎక్కువ మంది 37 నుంచి 41 వారాల మధ్య గుమిగూడతారు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లు ఎడమ వైపు తోకలా సాగుతారు. సగటు 38, ఎస్‌డీ 2 వచ్చిందంటే చిట్కా ఏమీ పట్టుకోదు, డేటా మాత్రం ఎడమకు సాగే ఉంటుంది. అందుకే బొమ్మ ముందు, చిట్కా తర్వాత.

డేటా నార్మల్‌గా, అంటే గంట ఆకారంలో ఉందో లేదో చూసే షపీరో–విల్క్ పరీక్ష చేసి, పీ విలువ 0.05 కంటే తక్కువ వస్తే మీడియన్, లేకపోతే సగటు అని మా సీనియర్లు చెప్పారు. అలా చేయవచ్చా?

చాలా థీసిస్‌లలో ఇదే వాక్యం అక్షరం మారకుండా ఉంటుంది. నాకు నచ్చని వాక్యం కూడా ఇదే.

పన్నెండు మంది ఉన్న గ్రూపులో డేటా బాగానే వంకర ఉన్నా ఆ పరీక్షకు పట్టుకునే బలం చాలకపోవచ్చు. మూడు వేల మంది ఉన్న రిజిస్ట్రీలో అయితే కంటికి కనిపించని చిన్న వంకరకు కూడా పీ విలువ 0.001 కంటే కిందికి పడిపోతుంది. అంటే జాగ్రత్త అవసరమైన చోట పరీక్ష నోరు మెదపదు, అవసరం లేని చోట కేకలు పెడుతుంది. "డేటా సంపూర్ణంగా నార్మలా?" అన్నది అది అడిగే ప్రశ్న. మనకు కావలసింది "సగటు, ఎస్‌డీ అనే రెండు అంకెలు చదివిన మనిషికి ఈ డేటా గురించి సరైన బొమ్మ ఏర్పడుతుందా?" అన్నది. రెండూ వేర్వేరు.

దీనివల్ల ఒక వింత కూడా జరుగుతుంది. చికిత్స గ్రూపులో పీ 0.04 వచ్చి మీడియన్ రాస్తారు, కంట్రోల్ గ్రూపులో 0.07 వచ్చి సగటు రాస్తారు. ఒకే పట్టికలో, ఒకే వరుసలో, పక్కపక్కనే రెండు రకాల అంకెలు. వాటిని ఎవరు ఎలా పోల్చాలి? ఒక కొలతకు ఒక పద్ధతి ఎంచుకుంటే అన్ని గ్రూపులకూ అదే రాయండి.

మా శాంపిల్ 30 దాటింది. సెంట్రల్ లిమిట్ సిద్ధాంతం ప్రకారం నార్మల్ అనుకోవచ్చు కదా?

వైవాలో ఈ జవాబు విన్న ప్రతిసారీ నాకు కుర్చీలో కదలాలనిపిస్తుంది. ఆ సిద్ధాంతం చెప్పేది డేటా గురించి కాదు, సగటు గురించి. ఇదే ఆసుపత్రి నుంచి మళ్లీ మళ్లీ వంద మంది చొప్పున ఎంచుకుని, ప్రతిసారీ సగటు కట్టి, ఆ సగటులన్నిటినీ బొమ్మ వేస్తే అది గంట ఆకారానికి దగ్గరపడుతుంది. రోగులు మాత్రం ఎప్పటిలాగే ఉంటారు. పది వేల మందిని తీసుకున్నా రెండు రోజుల్లో వెళ్లేవాళ్లు గుంపుగా ఎడమవైపే ఉంటారు, నెల దాటినవాళ్లు కుడివైపు తోకగానే ఉంటారు. శాంపిల్ పెరిగితే ఆ తోక మరింత స్పష్టంగా కనిపిస్తుంది, అంతే.

30 అన్న అంకెకు కూడా మహిమ ఏమీ లేదు. తోక ఎంత పొడవుంటే సగటు స్థిరపడడానికి అంత ఎక్కువ మంది కావాలి.

ఇంకో పొరపాటు కూడా ఇక్కడి నుంచే పుడుతుంది. ఎస్‌డీ మరీ పెద్దగా కనిపిస్తోందని దాని స్థానంలో స్టాండర్డ్ ఎర్రర్ రాసేవాళ్లు ఉన్నారు. మన డేటాలో అది 8.1ని 15 వర్గమూలంతో భాగిస్తే 2.1. "7.0 ± 2.1" చూడడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అది రోగుల మధ్య తేడా గురించి చెప్పదు, మన సగటు ఎంత కచ్చితమో చెబుతుంది. రోగుల వర్ణన పట్టికలో దానికి చోటు లేదు.

అయితే స్క్యూ అయిన డేటాకు ఎప్పుడూ మీడియనే రాయాలి, సగటు తప్పు. అంతేనా?

కాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే దీన్ని చదవండి.

ఇద్దరు మనుషులు మీ దగ్గరికి వచ్చారనుకోండి. మొదటి వ్యక్తి రోగి భార్య. "ఎన్ని రోజులు ఉండాల్సి వస్తుంది? ఊళ్లో పిల్లలను ఎవరి దగ్గరైనా వదలాలి" అని అడుగుతుంది. ఆమెకు 7 రోజులు అని చెబితే అది ఎక్కువ మంది అనుభవం కాదు. "సగం మంది నాలుగు రోజుల్లోపే వెళ్లిపోతున్నారు, నలుగురిలో ముగ్గురు వారంలోపు వెళ్తున్నారు, కొద్దిమందికి మాత్రం చాలా రోజులు పడుతోంది" అంటే ఆమె ఏర్పాటు చేసుకోగలదు. ఆ జవాబు మీడియన్, ఐక్యూఆర్ నుంచి వచ్చింది.

రెండో వ్యక్తి ఆసుపత్రి సూపరింటెండెంట్. వచ్చే నెల ఇలాంటి రోగులు మరో 15 మంది వస్తే ఎన్ని పడక-దినాలు సిద్ధం చేయాలన్నది ఆయన ప్రశ్న. మీడియన్ 4ను పదిహేనుతో గుణించి 60 అని చెప్పారా, ఆయన మునిగిపోయినట్టే. నిజంగా ఖర్చయినవి 105. అందులో 34 రోజులు ఉన్న ఒక్క రోగే దాదాపు మూడో వంతు తినేశాడు. ఆ మనిషి పడక, మందులు, భోజనం అన్నీ ఎవరో ఒకరు భరించాల్సిందే. మీడియన్ అతన్ని పక్కన పెడుతుంది, సగటు పెట్టదు. సగటును మనుషుల సంఖ్యతో గుణిస్తే మొత్తం తిరిగి వస్తుంది. మీడియన్‌కు ఆ గుణం లేదు. అందుకే ఆసుపత్రి ఖర్చుల విశ్లేషణలో డేటా ఎంత భయంకరంగా సాగినా సగటునే వాడతారు. అక్కడ మీడియన్ రాయడమే తప్పు.

కాబట్టి ముందు అడగాల్సింది డేటా ఎంత వంకర అని కాదు, చదివేవాళ్లు ఈ అంకెతో ఏం చేస్తారని. ఒక మామూలు రోగి ఎలా ఉంటాడో చెప్పాలంటే మీడియన్. మొత్తం ఎంత అవుతుందో లెక్క తేలాలంటే సగటు. ఈ వ్యవహారంలో అసలు ఇబ్బంది పెట్టేది సగటు కాదు, దాని పక్కన నిలబడిన ఎస్‌డీ. సగటు రాయాల్సిన చోట దాని విశ్వసనీయ అవధిని బూట్‌స్ట్రాప్ పద్ధతిలో లెక్కగట్టి ఇవ్వండి, పక్కన మీడియన్, చతుర్థాంశాలు కూడా పెట్టండి. రెండు వరుసలు ఎక్కువైతే పట్టికకు వచ్చే నష్టం ఏమీ లేదు.

మీడియన్ ± ఐక్యూఆర్ అని రాయవచ్చా? ఐక్యూఆర్ ఒక అంకెగా ఇవ్వాలా, రెండుగానా?

± వద్దు. ఐక్యూఆర్ నిర్వచనం ప్రకారం ఒకే అంకె, పై చతుర్థాంశం నుంచి కిందిదాన్ని తీసేస్తే వచ్చే దూరం. మన డేటాలో 7 నుంచి 3 పోతే 4. కానీ "4, ఐక్యూఆర్ 4" అని రాస్తే ఆ నాలుగు రోజుల వెడల్పు మీడియన్‌కు ఎటువైపు ఎంత ఉందో పాఠకుడికి తెలియదు. అందుకే రెండు చివరలూ ఇవ్వండి: `4 (3–7)`. పట్టిక కింద "మీడియన్ (మొదటి, మూడో చతుర్థాంశాలు)" అని ఒక మాట రాస్తే బ్రాకెట్లో ఉన్నది కనిష్ఠ, గరిష్ఠ విలువలేమోనన్న అనుమానం ఉండదు. ఆ అనుమానం నిజంగానే వస్తుంది. మన డేటాకు కనిష్ఠం, గరిష్ఠం 2, 34. ఒకటి అనుకుని ఇంకొకటి చదివితే అర్థం పూర్తిగా మారిపోతుంది.

సగటు రాసేటప్పుడు కూడా ± బదులు `7.0 (8.1)` పద్ధతి, బ్రాకెట్లో ఉన్నది ఎస్‌డీ అని ఒక మాటతో, మంచిది. గణాంకాలను పేపర్లలో ఎలా రాయాలో చెప్పడానికి ఆల్ట్‌మన్, టామ్ లాంగ్ కలిసి తయారుచేసిన SAMPL మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతాయి.

నాకు మూడో చతుర్థాంశం 6.5 వచ్చింది, స్నేహితురాలికి 7 వచ్చింది. డేటా ఒకటే. ఎవరిది తప్పు?

ఇద్దరిదీ ఒప్పే. చతుర్థాంశం రెండు అంకెల మధ్య పడినప్పుడు ఎక్కడ గీత గీయాలన్న దానికి ఒకటి కంటే ఎక్కువ పద్ధతులు ఉన్నాయి. ఆర్ ప్రోగ్రామ్‌లో వాటిని తొమ్మిది రకాలుగా ఇచ్చారు. మీరు బహుశా ఆర్ వాడారు, ఆమె ఎస్‌పీఎస్‌ఎస్ వాడింది. ఆర్‌లో ఏమీ చెప్పకపోతే ఏడో రకం వస్తుంది. ఆరో రకం అడిగితే ఎస్‌పీఎస్‌ఎస్ మామూలుగా ఇచ్చే జవాబే వస్తుంది.

```
x <- c(2,2,3,3,3,4,4,4,5,5,6,7,9,14,34)
quantile(x, c(.25, .75))            # 3.0  6.5
quantile(x, c(.25, .75), type = 6)  # 3    7
```

ఎక్సెల్‌లోనూ ఇదే జంట ఉంది. `QUARTILE.INC` 6.5 ఇస్తుంది, `QUARTILE.EXC` 7 ఇస్తుంది. ఎక్కువ మంది ఉన్న అధ్యయనంలో ఈ తేడా దాదాపు మాయమవుతుంది, కాబట్టి నిద్ర పాడుచేసుకోకండి. ఏ సాఫ్ట్‌వేర్ వాడారో మెథడ్స్ భాగంలో రాసి, థీసిస్ మొత్తానికి అదే వాడండి. అధ్యయనం మధ్యలో ఎక్సెల్ నుంచి ఆర్‌కు మారితే మాత్రం పాత పట్టికలు తిరగేయండి.

34 రోజుల రోగిని తీసేస్తే డేటా బాగుంటుంది. తీసేయవచ్చా?

తీసేస్తే ఏమవుతుందో చూద్దాం. సగటు 7.0 నుంచి 5.1కి దిగుతుంది, ఎస్‌డీ 8.1 నుంచి 3.2కి పడిపోతుంది. మీడియన్ మాత్రం 4 దగ్గరే ఉంటుంది. పదిహేను మందిలో ఒక్కరు ఎస్‌డీని రెండున్నర రెట్లు పెంచగలిగారంటే ఆ అంకె వర్ణించింది వార్డును కాదు, ఆ ఒక్క మనిషిని.

ముందు కేస్ షీట్ తెరిచి చూడండి. తేదీల్లో నెల తప్పు పడితే 4 రోజులు 34 అవుతాయి. నేను చూసిన "వింత" అంకెల్లో చాలావాటికి కారణం డిశ్చార్జి తేదీలో నెల తారుమారు కావడమే. తప్పయితే సరిదిద్దండి. నిజంగానే 34 రోజులు ఉండి ఉంటే, ఆపరేషన్ గాయం చీము పట్టడమో, మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాల్సి రావడమో ఏదో కథ ఉంటుంది. మీ థీసిస్‌కు అన్నిటికంటే పనికొచ్చే రోగి అతనే కావచ్చు. డేటా అందం కోసం అతన్ని తీసేసే హక్కు మనకు లేదు. మీడియన్ రాయండి, అతని సంగతి ఒక వాక్యంలో చెప్పండి.

చికిత్స గ్రూపులో మీడియన్ 3, కంట్రోల్ గ్రూపులో 5 వచ్చింది. చికిత్స వల్ల రోజులు తగ్గాయని రాయవచ్చా?

ఆగండి. ఆ గ్రూపులో ఎంతమంది చనిపోయారు?

రోజుల లెక్కలో ఇంతకంటే ప్రమాదకరమైన గుంట లేదు. రెండో రోజు చనిపోయిన రోగి కూడా డేటా షీటులో "2" గానే నమోదవుతాడు. వైద్యుల సలహా కాదని డిశ్చార్జి చేయించుకుని వెళ్లిపోయినవాళ్లు, వార్డు భాషలో లామా, కూడా అలాగే "3" గానో "4" గానో చేరతారు. త్వరగా కోలుకున్నవాళ్లు, త్వరగా పోయినవాళ్లు ఒకే గుంపులో కలిసిపోతారు. మరణాలు ఎక్కువ ఉన్న గ్రూపుకు మీడియన్ తగ్గి, అదే మంచి ఫలితంలా కనిపిస్తుంది. సగటు వాడినా ఇదే గతి. ఇది సగటు, మీడియన్ల మధ్య ఎంపికతో తీరే సమస్య కాదు.

ప్రాణాలతో, కోలుకుని డిశ్చార్జి అయినవాళ్ల రోజులను విడిగా ఇవ్వండి, మరణాలు, లామాల సంఖ్యను పక్కనే రాయండి. డేటా సేకరణ ముగిసిన నాటికి ఇంకా వార్డులోనే ఉన్నవాళ్లను కూడా మామూలుగా లెక్కలో కలిపేయకండి, వాళ్ల అసలు రోజులు మనకు ఇంకా తెలియవు. ఇలాంటివాళ్లు ఎక్కువ మంది ఉంటే సర్వైవల్ విశ్లేషణ తెలిసినవాళ్లను కలవాలి.

మీడియన్ రాశాను కాబట్టి మాన్–విట్నీ పరీక్ష, సగటు రాస్తే టీ పరీక్ష. ఈ జత తప్పనిసరా?

తప్పనిసరి కాదు, కానీ పొంతన ఉండాలి. పట్టికలో మీడియన్ ఇచ్చి, పీ విలువ టీ పరీక్ష నుంచి తెస్తే పాఠకుడు చూసిన అంకె ఒకటి, పరీక్షించిన అంకె మరొకటి అవుతుంది. మాన్–విట్నీ కూడా చాలామంది అనుకున్నట్టు మీడియన్లను పోల్చే పరీక్ష కాదు. ఒక గ్రూపులోని రోగిని, ఇంకో గ్రూపులోని రోగిని యాదృచ్ఛికంగా ఎంచుకుంటే ఎవరి అంకె పెద్దదిగా ఉండే అవకాశం ఎక్కువ అన్నది అది చూస్తుంది. అందుకే రెండు మీడియన్లూ 4 దగ్గరే ఉన్నా పీ విలువ 0.05 కంటే తక్కువ రావడం సాధ్యమే. అలా వస్తే కంగారు పడకండి, తోకలు పోల్చి చూడండి.

లాగ్ తీసుకుంటే నార్మల్ అవుతుందట. అప్పుడు సగటు రాయవచ్చా?

ట్రైగ్లిజరైడ్లు, సీఆర్‌పీ, యాంటీబాడీ టైటర్ల వంటి వాటికి ఇది మంచి దారి. లాగ్ విలువల సగటు కట్టి, తిరిగి మామూలు కొలతకు మారిస్తే జామెట్రిక్ సగటు వస్తుంది. మన రోజుల డేటాకు అది 5.0, మీడియన్ 4కు, మామూలు సగటు 7కు మధ్యలో. సున్నా విలువ ఉంటే మాత్రం లాగ్ లేదు. పైగా లాగ్ ఎస్‌డీని తిరిగి మారిస్తే అది కలపడానికి, తీసేయడానికి కాకుండా గుణించడానికి, భాగించడానికి పనికొస్తుంది. దాన్ని ± తర్వాత రాసినవాళ్లను చూశాను.

మా గైడ్ "అందరూ సగటు, ఎస్‌డీయే రాస్తారు, మెటా-ఎనాలిసిస్‌కు అదే కావాలి" అంటున్నారు. ఏం చేయాలి?

గైడ్‌తో వాదించకండి, రెండూ రాయండి. ఆయన మాటలో కొంత నిజం ఉంది కూడా. మీ పేపర్‌ను తర్వాత ఎవరైనా మెటా-ఎనాలిసిస్‌లో చేర్చాలంటే వాళ్లకు సగటు, ఎస్‌డీ కావాలి. మీరు మీడియన్ మాత్రమే ఇస్తే వాళ్లు సూత్రాలతో అంచనా వేస్తారు. మీడియన్‌ను, రెండు చతుర్థాంశాలను కూడి మూడుతో భాగిస్తే సగటు, ఐక్యూఆర్‌ను 1.35తో భాగిస్తే ఎస్‌డీ అన్నది ప్రచారంలో ఉన్న పద్ధతి. దీన్ని మన డేటా మీద ప్రయోగించి చూడండి.

```
(3 + 4 + 7) / 3  = 4.7
(7 - 3) / 1.35   = 3.0
```

అసలు సగటు 7.0, అసలు ఎస్‌డీ 8.1. అంచనా ఎంత దూరం పోయిందో చూశారు కదా. ఆ సూత్రం వెనుక డేటా గంట ఆకారానికి దగ్గరగా ఉందన్న ఊహ ఉంది. మనం మీడియన్ రాసిందే ఆ ఊహ చెల్లదని. అందుకే ప్రధాన పట్టికలో `4 (3–7)` ఉంచి, అనుబంధంలో సగటు, ఎస్‌డీ, కనిష్ఠం, గరిష్ఠం, రోగుల సంఖ్య ఇస్తే గైడ్ మాటా నెగ్గుతుంది, భవిష్యత్తు పరిశోధకుడికి గుడ్డి లెక్కలూ తప్పుతాయి.

ఐసీయూలో ఉన్న రోజులకు మీడియన్ 0 (0–0) వచ్చింది. ఇలా రాయవచ్చా?

రాయవచ్చు కానీ ఎవరికీ ఏమీ చెప్పదు. నలుగురిలో ముగ్గురికి పైగా ఐసీయూ ముఖమే చూడలేదన్నది దాని అర్థం. ఇలాంటి చోట సగటు, మీడియన్ రెండింటినీ వదిలేసి రెండు ముక్కలుగా చెప్పండి: మొత్తం రోగుల్లో ఎంతమంది ఐసీయూకు వెళ్లారు, వెళ్లినవాళ్లు ఎన్ని రోజులు ఉన్నారు. రెండో ముక్కకు మీడియన్ పనికొస్తుంది. ఎక్కించిన రక్తం యూనిట్లకు, వాంతుల సంఖ్యకు, ఇలా సున్నాలు గుట్టగా పడే ప్రతి కొలతకు ఇదే దారి. వెళ్లినవాళ్లు నలుగురైదుగురే ఉంటే మీడియన్ కూడా వద్దు, వాళ్ల అంకెలన్నీ నేరుగా రాసేయండి, స్థలం ఏమీ పోదు.

దశాంశాలు ఎన్ని ఇవ్వాలి?

కొలిచింది పూర్తి రోజుల్లో అయితే సగటుకు, ఎస్‌డీకి ఒక దశాంశం చాలు. మీడియన్ 4 అయితే 4 అనే రాయండి, "4.00" అక్కర్లేదు. రోజులు ఎలా లెక్కించారో మాత్రం మెథడ్స్‌లో రాయండి. ఈ రోజు రాత్రి చేరి రేపు పొద్దున వెళ్లిన రోగికి కొందరు 1 వేస్తారు, కొందరు 2 వేస్తారు. మీడియన్ నాలుగే ఉన్న చోట ఆ ఒక్క రోజు తేడా చిన్నది కాదు.